నొప్పి మాత్ర, నిద్ర మాత్ర, హెర్బల్ క్యాప్సూల్ కలిసినప్పుడు: సెరొటోనిన్ సిండ్రోమ్ ఎలా పట్టుకోవాలి

ప్రశ్న: నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర. అమ్మకి 64 ఏళ్లు, షుగర్ ఉంది. ఆందోళనకి ఏడాదిగా పొద్దున్న పారోక్సెటిన్ 25 వేసుకుంటోంది. అరికాళ్ల మంటలకి, నిద్రకి రాత్రి అమిట్రిప్టిలిన్ 10. మొన్న మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్ఎంపీ గారు ట్రమడాల్ ఇంజెక్షన్ చేసి, ట్రమడాల్-పారాసెటమాల్ మాత్రలు రోజుకి రెండు ఇచ్చారు. తగ్గలేదంటే నాలుగు చేశారు. అన్నయ్య అమెరికా నుంచి పంపిన సెయింట్ జాన్స్ వర్ట్ క్యాప్సూల్స్ కూడా పది రోజులుగా వేసుకుంటోందని ఇవాళే తెలిసింది. నిన్నటి నుంచి చేతులు వణుకు, ఒళ్లంతా చెమట, నాలుగైదు విరేచనాలు. రాత్రంతా పడుకోకుండా అటూ ఇటూ తిరిగింది. జ్వరం 99.6. అందరూ వడదెబ్బ అంటున్నారు. మందుల వల్లేమో అని నా అనుమానం. ఏం చూడాలి, ఎప్పుడు పరిగెత్తాలి?

సమాధానం:

మీ అనుమానం సరైనదే. అమ్మగారిని రేపు కాదు, ఇవాళే ఎంబీబీఎస్ ఆపైన చదివిన డాక్టరుకి చూపించండి. అప్పటిదాకా ట్రమడాల్ మాత్ర గానీ, ఆ హెర్బల్ క్యాప్సూల్ గానీ ఒక్కటి కూడా వేయొద్దు. రెండూ మొదలుపెట్టి కొద్ది రోజులే అయింది కాబట్టి ఉన్నపళంగా ఆపినా ఇబ్బంది ఉండదు. రాత్రి అమిట్రిప్టిలిన్ కూడా డాక్టరు చూసి చెప్పేవరకు ఆపండి. పారోక్సెటిన్ సంగతి వేరు. ఏడాదిగా వాడుతున్న మందు అది. ఇవాళ అనుమానం ఉంది కాబట్టి, రేపటి మాత్ర వేయాలా వద్దా అని ఇవాళే డాక్టరుని అడగాలి. ఒక పూట ఆగితే నష్టం లేదు. ఎవరినీ అడక్కుండా ఉన్నపళంగా పూర్తిగా మానేస్తే మాత్రం కొద్ది రోజుల్లోనే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, ఆందోళన తిరగబెట్టడం మొదలవుతాయి.

సెరొటోనిన్ అనేది మెదడులోనూ పేగుల్లోనూ నరాల మధ్య కబురు మోసే రసాయనం. పారోక్సెటిన్ లాంటి మందులు అది నరాల మధ్యే ఎక్కువసేపు నిలిచేలా చేస్తాయి. ఆందోళన తగ్గేది అందుకే. ట్రమడాల్‌ని అందరూ నొప్పి మాత్ర అనే అనుకుంటారు గానీ, దానికి రెండు పనులున్నాయి. ఒకటి మార్ఫిన్ తరహాలో నొప్పి తగ్గించడం, రెండోది పారోక్సెటిన్ లాగే సెరొటోనిన్‌ని నిలబెట్టడం. సెయింట్ జాన్స్ వర్ట్ డిప్రెషన్‌కి వాడే మొక్క. దాని పని కూడా అదే. అంటే పేర్లు మూడు, పెట్టెలు మూడు, ఇచ్చినవాళ్లు ముగ్గురు, కానీ ముగ్గురూ ఒకే మీటని నొక్కారు. ఆ మీట మరీ ఎక్కువగా నొక్కుకుపోతే కండరాలు, పేగులు, చెమట, గుండె వేగం, మనసు అన్నీ ఒకేసారి రెచ్చిపోతాయి. దాన్నే సెరొటోనిన్ సిండ్రోమ్ అంటారు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మీ కేసులో అసలు సంగతి అదే అనుకుంటున్నాను. ట్రమడాల్ తిన్న రూపంలోనే నొప్పిని బాగా తగ్గించలేదు. కాలేయంలో సీవైపీ 2డీ6 అనే ఎంజైము దాన్ని ఇంకో పదార్థంగా మార్చాలి. గట్టి నొప్పి నివారిణి ఆ మారిన పదార్థమే. మారకుండా మిగిలిన ట్రమడాల్ చేసే పని ఎక్కువగా సెరొటోనిన్ వైపు. పారోక్సెటిన్ సరిగ్గా ఈ 2డీ6 ఎంజైమునే బలంగా అడ్డుకుంటుంది. మన కాలవ మీద లాకు తలుపులు దించేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. దిగువ పొలాలకి నీరందదు, ఎగువన మట్టం గట్టు దాకా లేస్తుంది. ఇక్కడా అంతే. నొప్పి తగ్గించే పదార్థం తయారవదు, ట్రమడాల్ మాత్రం రక్తంలో పేరుకుంటుంది. అందుకే రెండు మాత్రలకి నొప్పి తగ్గలేదు. తగ్గలేదని నాలుగు చేశారు. నొప్పి అలాగే ఉంది, ప్రమాదం పెరిగింది.

లెక్క చూద్దాం. ఆ మాత్రల పట్టీ వెనుక మామూలుగా ట్రమడాల్ 37.5, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు అని ఉంటుంది. రోజుకి నాలుగంటే 150 మిల్లీగ్రాముల ట్రమడాల్. ఇంజెక్షన్ ఆంప్యూల్ 50గానీ 100గానీ ఉంటుంది. 100 అనుకుంటే, రెండూ కలిసిన రోజు 250. పెద్దవాళ్లకి రోజు గరిష్ఠం 400, 75 ఏళ్లు దాటినవాళ్లకి 300 అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ లెక్క చూసి ఆర్ఎంపీ గారు పరిమితి లోపలే ఉన్నామనుకుని ఉంటారు. కానీ ఆ పరిమితి 2డీ6ని మూసేసే మందు వాడనివారికి. పారోక్సెటిన్ మీద ఉన్న మనిషికి ఆ అంకెలు భరోసా ఇవ్వవు. ట్రమడాల్‌కి ఫిట్స్ తెప్పించే గుణం కూడా ఉంది. రక్తంలో అది పెరిగితే, పైగా ఇలాంటి మందులు తోడైతే, ఆ ప్రమాదం కూడా పెరుగుతుంది. ఫ్లూఆక్సెటిన్ వాడేవారికీ ఇదే మాట వర్తిస్తుంది, ఎందుకంటే అది కూడా 2డీ6ని గట్టిగా అడ్డుకుంటుంది. ఎసిటలోప్రామ్, సెర్ట్రాలిన్ ఈ ఎంజైముని అంతగా మూయవు. అయినా సెరొటోనిన్‌ని పెంచేవే కాబట్టి వాటితో ట్రమడాల్ కలిపినా ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సిందే.

రాత్రి వేసుకునే అమిట్రిప్టిలిన్ 10 గురించి అతిగా భయపడొద్దు. మగత తెచ్చే పాత యాంటీడిప్రెసెంట్ అది. షుగర్ వల్ల వచ్చే అరికాళ్ల మంటలకి చిన్న మోతాదులో ఇస్తారు. పారోక్సెటిన్‌తో కలిపి 10 మిల్లీగ్రాములు వాడేవారు చాలామంది ఉంటారు, చాలామందికి ఏమీ కాదు. సెరొటోనిన్ విషయంలో దాని వాటా తక్కువ. కానీ దాన్ని కరిగించడంలోనూ 2డీ6కి పెద్ద వాటా ఉంది, కాబట్టి పారోక్సెటిన్ ఉన్నప్పుడు 10 వేస్తే ఒంట్లో అంతకంటే పెద్ద మోతాదు వేసినట్టు పని చేయొచ్చు. అదే 25, 50కి పెంచితే, లేదా నిద్రకని ఇచ్చే క్లోర్‌డయాజెపాక్సైడ్-అమిట్రిప్టిలిన్ జంట మాత్ర ఇంకొకరు రాస్తే, అప్పుడు లెక్క మారుతుంది. నిద్రకి ఇచ్చే ట్రాజోడోన్ కూడా సెరొటోనిన్ మందే. మిర్టజాపిన్ ఒక్కదాని వల్ల ఈ ప్రమాదం తక్కువ. ఇమిప్రమిన్, క్లోమిప్రమిన్ మాత్రం అమిట్రిప్టిలిన్ కంటే బాగా బలమైనవి.

ఇప్పుడు వడదెబ్బ సంగతి. రోహిణి కార్తెలో చెమట పట్టి, నీరసపడి, ఒళ్లు వెచ్చబడితే మన వైపు ఎవరైనా ముందు వడదెబ్బే అంటారు, అది సహజమే. తేడా తెలుసుకోవడానికి కాళ్లు చూడాలి. ఎండదెబ్బ తిన్న మనిషి కండరాలు మామూలుగా వదులుగా, బలం లేకుండా ఉంటాయి. సెరొటోనిన్ ఎక్కువైన మనిషి కండరాలు బిగుసుకుని, ఎగిరెగిరి పడతాయి. అది కూడా చేతుల కంటే కాళ్లలో ఎక్కువ. నిలబడితే మోకాళ్లు, పిక్కలు అదురుతుంటాయి. కనుపాపలు పెద్దవిగా ఉంటాయి. పేగులు గడగడలాడతాయి, విరేచనాలవుతాయి. మనిషి మత్తుగా పడి ఉండదు, కుదురుగా కూర్చోలేదు, అకారణంగా కంగారు పడుతుంది, ఒక మాట మీద నిలవదు. మీరు రాసిన రాత్రంతా తిరగడం అలాంటిదే అయ్యుండొచ్చు.

అమిట్రిప్టిలిన్ ఒక్కటే ఎక్కువైతే కనిపించే రూపం దీనికి దాదాపు వ్యతిరేకం. నోరు పిడచకట్టుకుపోతుంది, చర్మం పొడిగా, ఎర్రగా, వేడిగా ఉంటుంది, మూత్రం రాదు, మలబద్ధకం, కడుపు నిశ్శబ్దం. చెమట, విరేచనం ఉంటే సెరొటోనిన్ వైపు, పొడి ఒళ్లు, బిగిసిన పొట్ట ఉంటే అమిట్రిప్టిలిన్ వైపు ఆలోచించాలి. మూడో రూపం కూడా ఒకటుంది. ట్రమడాల్, అమిట్రిప్టిలిన్, నిద్రమాత్ర కలిసి మత్తు ముంచెత్తితే మనిషి లేపినా లేవదు, గురక పెడుతూ ఊపిరి మెల్లగా తీస్తుంది, కనుపాపలు చిన్నవవుతాయి. అప్పుడు సెరొటోనిన్ గురించి చర్చ అక్కర్లేదు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం అది. కల్లుగానీ సారాగానీ తోడైతే ఇది ఇంకా తొందరగా వస్తుంది.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటి చెబుతాను. అమ్మగారిని వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు కొద్దిగా వంచి, పిక్క కింద మీ చెయ్యి ఆన్చండి. కాలు వదులుగా వదిలేయమనండి. రెండో చేత్తో అరికాలి ముందుభాగం పట్టుకుని పాదాన్ని ఒక్కసారిగా మోకాలి వైపు తోసి అలాగే నొక్కి పట్టుకోండి. మామూలు మనిషికి పాదం అక్కడే నిలబడిపోతుంది. సెరొటోనిన్ ఎక్కువైన మనిషికి పాదం మీ అరచేతిలో లయగా టకటకా కొట్టుకుంటుంది, మీరు నొక్కి ఉంచినంతసేపు ఆగదు. దీన్ని క్లోనస్ అంటారు. తర్వాత మీ వేలిని కళ్లెదుట పక్కలకి కదిపి చూడమనండి. కళ్లు అదురుతూ, గెంతుతూ కదిలితే అదీ లెక్కలోకే వస్తుంది.

ఈ పరీక్షలో ఏదైనా కనిపిస్తే అది బలమైన సూచన. కనిపించకపోతే మాత్రం లేదని తీర్మానించొద్దు. అమ్మగారికి షుగర్ వల్ల అరికాళ్ల నరాలు దెబ్బతిని ఉంటే చీలమండ దగ్గర రిఫ్లెక్స్, అంటే తట్టగానే కండరం తనంతట తాను కదలడం, ముందే పోయి ఉండొచ్చు, అప్పుడు పాదం కొట్టుకోదు. జబ్బు బాగా ముదిరి కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయినా పాదం కదలదు. మోకాలి దగ్గర రిఫ్లెక్స్ సుత్తితో చూసి చెప్పడం డాక్టరు పనే.

దీనికి రక్తపరీక్ష అంటూ ఏదీ లేదు. సెరొటోనిన్ మట్టం కొలిచినా ఉపయోగం ఉండదు. రక్తపరీక్షలు చేసేది ఇన్ఫెక్షన్, సోడియం, కిడ్నీ, కండరాల దెబ్బ లాంటివి చూడటానికి. జబ్బుని పట్టుకోవాల్సింది మందుల జాబితా చూసి, ఒంటిని పరీక్షించి. ఆస్ట్రేలియాలో హంటర్ ప్రాంతపు వైద్యులు 2003లో దీనికి ఒక పద్ధతి ప్రకటించారు, ఇప్పటికీ ఎక్కువగా దాన్నే వాడతారు. సెరొటోనిన్ పెంచే మందు వాడుతున్న మనిషికి తనంతట తాను కండరాలు లయగా కొట్టుకోవడం ఒక్కటి ఉన్నా చాలు. వణుకుతో పాటు రిఫ్లెక్సులు చురుగ్గా ఉన్నా చాలు. పాదం నొక్కితే కొట్టుకోవడంగానీ, కళ్లు అదరడంగానీ ఉండి, దానికి చెమటో కంగారో తోడైనా చాలు. చాలా బిగుసుకుపోవడం, 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటిన వేడి, దానికి తోడు పాదం లేదా కళ్ల అదురు ఉన్నా అంతే. అమ్మగారికి వణుకు ఇప్పటికే ఉంది. కాబట్టి డాక్టరుగారితో మీరు అనాల్సింది ఈ ఒక్క మాట: "పారోక్సెటిన్ మీద ట్రమడాల్ వేశారండి, సెయింట్ జాన్స్ వర్ట్ కూడా వేసుకున్నారు, రిఫ్లెక్సులూ క్లోనస్సూ ఒకసారి చూడండి." పట్టీలు, ఖాళీ ఆంప్యూల్, ఆ సీసా అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. హెర్బల్ సీసా సంగతి చాలామంది చెప్పరు, అది మందు కాదనుకుంటారు.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సిన స్థితి ఏదంటే: వేడి 101 దాటి పెరుగుతుంటే, కాళ్లు బిగుసుకుపోతుంటే, మనుషుల్ని పోల్చుకోలేకపోతే లేదా అర్థం లేకుండా మాట్లాడితే, ఫిట్స్ వస్తే, గుండె దడదడలాడి నిమిషానికి 120 పైన కొట్టుకుంటుంటే, లేదా మత్తుగా అయిపోయి ఊపిరి మందగిస్తే. వీటిలో ఒక్కటి చాలు, రెండోదాని కోసం ఆగొద్దు. మందు కొత్తగా మొదలుపెట్టిన లేదా పెంచిన తర్వాత సగానికి పైగా కేసులు ఆరు గంటల్లోపే బయటపడతాయి, ఎక్కువ భాగం 24 గంటల్లోపు. పొద్దున్న వణుకు మాత్రమే ఉన్న మనిషి సాయంత్రానికి నిప్పులా కాలిపోవచ్చు. అంబాజీపేట నుంచి అమలాపురం ఏరియా ఆస్పత్రి దగ్గరే. తీవ్రంగా ఉంటే ఐసీయూ కావాలి, కాకినాడ జీజీహెచ్ లాంటి చోటికి పంపుతారు. లంక గ్రామాల్లో పడవ దాటాల్సినవాళ్లు ఇది చదువుతుంటే, చీకటి పడకముందే, వణుకు దశలోనే రేవు దాటేయండి.

దారిలో తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, గాలి తగిలేలా చూడండి. మెలకువగా ఉంటేనే నీళ్లు తాగించండి. మత్తుగా ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయొద్దు. పెనుగులాడుతున్నారని గట్టిగా పట్టి ఉంచడం, కట్టేయడం చేయొద్దు. ఆ పెనుగులాటలో కండరాలు ఇంకా వేడెక్కుతాయి. ఈ వేడి పుట్టేది కండరాల్లోనే. అందుకే జ్వరం మాత్ర పని చేయదు. పైగా మీరు వేస్తున్న నాలుగు మాత్రల్లోనే 1300 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంది. జ్వరమని 650 మాత్రలు రోజుకి నాలుగు జోడిస్తే 3900 అవుతుంది. జ్వరం తగ్గదు గానీ, 4000 అనే పైపరిమితి అంచుకి చేరిపోతారు.

ఇంకో జాగ్రత్త. వాంతి వస్తోందని, నొప్పి ఉందని ఊళ్లో ఇంకో ఇంజెక్షన్ చేయించకండి. వాంతికి ఇచ్చే మెటాక్లోప్రమైడ్ కూడా పారోక్సెటిన్ లాంటి మందులతో కలిస్తే ఈ జబ్బు తెచ్చిన సందర్భాలున్నాయి. నొప్పికి మళ్లీ ట్రమడాలే ఎక్కించే ప్రమాదం ఉంది.

ఆస్పత్రిలో చేసేది పెద్ద రహస్యమేమీ కాదు. కారణమైన మందులన్నీ ఆపి, సెలైన్ పెట్టి, లోరాజెపామ్ లేదా డయాజెపామ్‌తో కండరాల్నీ కంగారునీ శాంతపరుస్తారు. ఒళ్లు చల్లబరుస్తారు. మధ్యస్థంగా ఉన్నవారికి సైప్రోహెప్టడిన్ ఇస్తారు. అది సెరొటోనిన్ కూర్చునే చోటిని అడ్డుకుంటుంది. ముందు 12 మిల్లీగ్రాములు, లక్షణాలు తగ్గకపోతే ప్రతి రెండు గంటలకీ 2 చొప్పున ఇవ్వడం వాడుకలో ఉన్న పద్ధతి. ఇంజెక్షన్ రూపంలో ఇవ్వరు, మాత్రగానో, ట్యూబు ద్వారానో ఇస్తారు. ఆకలి పుట్టడానికి పిల్లలకి ఇచ్చే సిరప్‌లో ఉండేది ఈ మందే, కాబట్టి మందుల షాపులో దొరుకుతుంది. దయచేసి అది ఇంట్లో ఇచ్చి ఆస్పత్రికి వెళ్లడం వాయిదా వేయకండి. అది కూడా మత్తు తెస్తుంది, నోరు ఎండబెడుతుంది, మూత్రం ఆపుతుంది. అమిట్రిప్టిలిన్ మీద అది పడితే ఏది దేనివల్లో డాక్టరుకి కూడా తెలియదు. వేడి 41 డిగ్రీల సెల్సియస్ దాటితే పూర్తిగా మత్తిచ్చి, కండరాల్ని సడలించి వెంటిలేటర్ మీద పెట్టాల్సి వస్తుంది. అంత దూరం వెళ్లేవాళ్లు తక్కువ. మందులు ఆపిన చాలామందికి ఒక రోజులో నెమ్మదిస్తుంది.

హెర్బల్ అనే మాట వెనుక ఉన్నవన్నీ ఒకటి కావు. సెయింట్ జాన్స్ వర్ట్, నిద్రకీ మూడ్‌కీ అని ఆన్‌లైన్‌లో అమ్మే 5-హెచ్‌టీపీ, ట్రిప్టోఫాన్ క్యాప్సూల్స్, ఈ మూడూ సూటిగా సెరొటోనిన్ మీద పని చేసేవే. పారోక్సెటిన్ వాడేవారి దగ్గరికి రానీయకూడదు. సెయింట్ జాన్స్ వర్ట్‌కి ఇంకో గుణం ఉంది. కాలేయంలో వేరే ఎంజైముల్ని రెచ్చగొట్టి గుండె, రక్తం పల్చబరిచే మందులు లాంటివి త్వరగా కరిగిపోయేలా చేస్తుంది. క్యాప్సూల్ ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. అమ్మగారు అలాంటివేమైనా వాడుతుంటే ఆ మాటా డాక్టరుకి చెప్పండి. అశ్వగంధ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. దానితో చూసుకోవాల్సింది ముఖ్యంగా రాత్రి మాత్రతో కలిసి మగత పెరగడం. లేబుల్ లేకుండా పొట్లాల్లో అమ్మే నొప్పుల పొడిలో ఏముందో ఎవరికీ తెలియదు, కాబట్టి అవి వేసుకుని ఉంటే ఆ పొట్లం కూడా సంచిలో వేయండి.

తగ్గాక, మోకాళ్ల నొప్పి అలాగే ఉంటుంది కాబట్టి ఇప్పుడే ఆలోచించుకోవాలి. ట్రమడాల్ మళ్లీ వద్దు. పారోక్సెటిన్ ఆపిన మర్నాడే ట్రమడాల్ వేయొచ్చనీ అనుకోవద్దు, ఎంజైము తెరుచుకోవడానికి రోజులు పడుతుంది. ఫ్లూఆక్సెటిన్ అయితే ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి ఐదు వారాల దాకా పడుతుంది. పారాసెటమాల్ ఒక్కటే సరైన మోతాదులో, మోకాలికి పైపూతగా డైక్లోఫెనాక్ జెల్, తొడ కండరాలకి వ్యాయామం, వీటితో మొదలుపెట్టమని అడగండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మాత్రలు పారోక్సెటిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అవకాశం పెరుగుతుంది, షుగర్ ఉన్నవారి కిడ్నీలకీ మంచివి కావు. అందుకని ముందు పూతమందు అంటున్నాను. పారోక్సెటిన్ మళ్లీ ఎప్పుడు, ఎంతతో మొదలుపెట్టాలో, 2డీ6ని అంతగా మూయని ఇంకో మందుకి మార్చాలో, మానసిక వైద్యుడితో తేల్చుకోండి.

పొడిదగ్గుకి కొనే సిరప్‌లో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉంటే అది కూడా ట్రమడాల్ లాంటిదే, 2డీ6 మీదే కరుగుతుంది, సెరొటోనిన్‌నీ పెంచుతుంది. మందులకి లొంగని టీబీకి ఇచ్చే లినెజోలిడ్ అయితే వీటన్నిటికంటే ప్రమాదం. 2018 నుంచి ట్రమడాల్ మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా ఆర్ఎంపీ గారి సంచిలోంచి వచ్చే ఇంజెక్షన్‌కి చీటీ ఉండదు, ఆయనకి అమ్మగారి పొద్దుటి మాత్ర పేరు తెలియదు. అందుకని పారోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ పేర్లు మోతాదులతో సహా తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, కింద "ట్రమడాల్ వద్దు, దగ్గు సిరప్ అడిగి వేయాలి" అని రాసి, అమ్మగారి షుగర్ పుస్తకంలో పెట్టండి. ఎవరు సూది తీసినా ముందు ఆ కాగితం చూపించమని చెప్పండి. ఇవాళ డాక్టరు ఏమన్నారో, రిఫ్లెక్సులు చూశారో లేదో ఇక్కడ రాయండి.